ఉప్పు నీళ్లతో పుక్కిలిస్తే గొంతు ఇంకా మండుతోంది, ఉప్పు ఎంత వేయాలి?

మిల్లు రవి, మిర్యాలగూడ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను రైసు మిల్లులో పనిచేస్తాను. సీజన్ కాబట్టి పొద్దంతా తవుడు దుమ్ములోనే ఉంటాం. మొన్నటి నుంచి గొంతు నొప్పి, ఉమ్మి మింగినా గుచ్చుకున్నట్టు ఉంది. ఇంట్లో అమ్మ ఉప్పు నీళ్లతో పుక్కిలించమంటే చేస్తున్నాను. చిన్న స్టీలు గ్లాసులో రెండు చెంచాల ఉప్పు వేసి, నీళ్లు ఓర్చుకోగలిగినంత వేడిగా పెట్టుకుని, ఖాళీ దొరికితే గంటకోసారి పుక్కిలిస్తున్నాను. ఆ ఒక్క నిమిషం బాగుంటుంది, తర్వాత గొంతంతా ఎండిపోయినట్టు అయి ముందుకంటే ఎక్కువ మండుతోంది. ఉప్పు సరిపోవడం లేదా, ఎక్కువైందా? అసలు లెక్క ఏంటి?

సత్తెన్న, దేవరకొండ | సోమవారం, రాత్రి 9:58

తమ్మీ, మండుతోందంటే మందు పనిచేస్తున్నట్టే. ఉప్పు క్రిములను చంపుతుంది. మామిడికాయ తొక్కులో ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది, సరిపడా వేస్తే ఏడాదంతా ఉంటుంది. గొంతులో కూడా అదే సంగతి. ఉప్పు తగ్గించకు, నీళ్లు ఇంకొంచెం వేడిగా పెట్టు. మా ఇంట్లో తాతల కాలం నుంచి ఇదే చేస్తున్నాం.

పద్మ, కొల్లాపూర్ | సోమవారం, రాత్రి 10:15

నాకు కూడా ఇదే డౌట్. నిన్న కింది దవడ పన్ను పీకించుకున్నాను. రక్తం ఆగింది కానీ సలుపు ఉంది. ఇందాక సత్తెన్న చెప్పినట్టు వేడి ఉప్పు నీళ్లతో గట్టిగా పుక్కిలించమంటారా?

విజయ, మహబూబ్‌నగర్ | సోమవారం, రాత్రి 10:50

పద్మా, ముందు నీకే చెప్తాను, ఎందుకంటే నీది వేరే సంగతి. పన్ను పీకిన చోట రక్తం గడ్డకట్టి ఆ గుంతను మూసి ఉంచుతుంది. మొదటి 24 గంటలు అసలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో ఏదీ తాగొద్దు. ఆ గడ్డ ఊడిపోతే లోపలి ఎముక బయటపడి, ఇప్పటి సలుపు ఎంతో నయమనిపించేంత నొప్పి వస్తుంది. రేపటి నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లు నోట్లో పోసుకుని, తలను మెల్లగా పక్కలకు వంచి, బలవంతంగా ఉమ్మకుండా నీళ్లను వాటంతట అవే జారిపోనివ్వు. గట్టిగా పుక్కిలించడం నీకు వద్దు.

ఇప్పుడు రవి సంగతి. నేను సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను, చెవి ముక్కు గొంతు వార్డులో చాలా ఏళ్లు ఉన్నాను. రవీ, నీకు ఉప్పు ఎక్కువైంది. కొంచెం కాదు, చాలా ఎక్కువైంది.

సత్తెన్నా, మీరు చెప్పిన తొక్కు మాటనే తీసుకుందాం. మామిడికాయ ముక్కల మీద ఉప్పు చల్లి పెడితే కాసేపటికి అడుగున ఊట వస్తుంది కదా. ముక్కలో ఉన్న నీటిని బయటి ఉప్పు లాగుతుంది. గొంతులో జరిగేది ఇదే. నొప్పి పుట్టినప్పుడు గొంతు లోపలి పొర నీరు పట్టి వాస్తుంది, ఆ వాపు వల్లనే మింగేటప్పుడు గుచ్చుకుంటుంది. మన ఒంట్లో నీళ్లలో లీటరుకు దాదాపు 9 గ్రాముల ఉప్పుతో సమానమైన ఉప్పదనం ఉంటుంది, సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉండేది అందుకే. పుక్కిలించే నీళ్లు దానికంటే కొద్దిగా ఎక్కువ ఉప్పగా ఉంటే వాపులోని నీరు కొంత బయటకు వస్తుంది, తెమడ పలచబడి ఊడి వస్తుంది, నొప్పి కాసేపు తగ్గుతుంది.

అయితే తొక్కులో క్రిములు పెరగకపోవడానికి ఉప్పు చాలా ఉండాలి, అదీ నెలల తరబడి ఉండాలి. గొంతులో నీళ్లు ఉండేది అర నిమిషం. జబ్బు క్రిములు పొర లోపలికి పోయి కూర్చుంటాయి, అర నిమిషంలో ఉప్పు వాటి దాకా పోదు. క్రిములను చంపుదామని ఉప్పు పెంచితే క్రిములు చావవు, బాగున్న పొర కూడా నీరు పోయి ఎండిపోతుంది. రవికి జరిగింది అదే.

రవీ, నీ గ్లాసు ఎంత పడుతుంది? చెంచా ఏ సైజుది, మట్టంగా తీస్తున్నావా, కుప్పగా తీస్తున్నావా?

మిల్లు రవి, మిర్యాలగూడ | మంగళవారం, ఉదయం 6:20

అక్కా, గ్లాసు చిన్నది, 200 మిల్లీలీటర్లు పట్టొచ్చు. చెంచా చాయ్‌లో చక్కెర కలుపుకునేది. మట్టంగానే తీస్తాను. సన్న ఉప్పే, ప్యాకెట్‌ది.

విజయ, మహబూబ్‌నగర్ | మంగళవారం, ఉదయం 7:05

అయితే లెక్క చూడు. సన్న ఉప్పు మట్టంగా ఒక టీ చెంచా ఇంచుమించు 6 గ్రాములు ఉంటుంది. రెండు చెంచాలు 12 గ్రాములు. 200 మిల్లీలీటర్లలో 12 గ్రాములంటే లీటరుకు 60 గ్రాములు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 35 గ్రాములు ఉంటుంది. నువ్వు సముద్రం కంటే ఉప్పగా ఉన్న నీళ్లు వాచిన గొంతులో పోస్తున్నావు, అదీ గంట గంటకూ.

నీకు కావాల్సింది పెద్ద గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లకు మట్టంగా అర చెంచా. అప్పుడు లీటరుకు 12 గ్రాములు అవుతుంది, ఒంటి ఉప్పదనం కంటే కొద్దిగా ఎక్కువ. నీ 200 గ్లాసు అయితే అర చెంచాకు కొంచెం తక్కువ వేసుకో. రుచి ఎలా ఉండాలంటే, నోట్లో పోసుకోగానే ఉప్పు స్పష్టంగా తెలియాలి కానీ మొహం ముడుచుకోకూడదు, వాంతి వచ్చినట్టు ఉండకూడదు.

నరేష్, మెడికల్ షాపు, సూర్యాపేట | మంగళవారం, ఉదయం 9:30

విజయక్క చెప్పిన కొలత సరిగ్గా ఉంది. ఒక్క మాట కలుపుతాను. ఇళ్లలో చెంచాలు రకరకాలుగా ఉంటాయి, కొన్ని ఒకటిన్నర రెట్లు పడతాయి. దగ్గు సిరప్ సీసా మీద చిన్న ప్లాస్టిక్ మూత కప్పు వస్తుంది కదా, దాని మీద 2.5, 5, 10 అని గీతలు ఉంటాయి. దాన్ని కడిగి బాగా ఆరబెట్టి, 2.5 గీత దాకా సన్న ఉప్పు పోస్తే అదే అర చెంచా, ఇంచుమించు 3 గ్రాములు. నీళ్లు కొలవడానికి ఖాళీ అయిన 100 మిల్లీలీటర్ల సిరప్ సీసా వాడుకోవచ్చు, రెండున్నర సీసాలు పోస్తే 250. ఒక్కసారి కొలిచి మీ గ్లాసులో ఎక్కడి దాకా వచ్చిందో గుర్తు పెట్టుకుంటే మళ్లీ కొలవక్కర్లేదు.

దొడ్డు ఉప్పు వాడేవాళ్లు జాగ్రత్త. గల్లుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాలో ఉప్పు తక్కువ పడుతుంది, పైగా గోరువెచ్చని నీళ్లలో తొందరగా కరగదు. మొదటి గుక్కలు చప్పగా, ఆఖరి గుక్క మంట పుట్టేలా ఉంటుంది. దంచుకుని వేయండి, లేదా కొంచెం వేడి నీళ్లలో ముందు పూర్తిగా కరిగించి తర్వాత మామూలు నీళ్లు కలపండి.

సత్తెన్న, దేవరకొండ | మంగళవారం, ఉదయం 10:10

ఉప్పు ఎక్కువ వేస్తే తప్పు అంటున్నారు సరే. మరి నేను ఇన్నేళ్లుగా ఒక చెంచా నిండా వేసుకుంటున్నాను, నాకు తగ్గుతోంది కదా. అది ఎట్ల?

నరేష్, మెడికల్ షాపు, సూర్యాపేట | మంగళవారం, ఉదయం 10:45

సత్తెన్నా, మీ మాటలో కొంత నిజం ఉంది. పెద్ద గ్లాసులో ఒక చెంచా అంటే రెండు శాతం పైచిలుకు, అది కొందరికి పడుతుంది. ఎడిన్‌బరోలో చేసి 2019లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో జలుబు చేసినవాళ్లు మూడు శాతం దాకా ఉప్పు ఉన్న నీళ్లతో ముక్కు కడుక్కుని, పుక్కిలించారు. వాళ్లకు జలుబు మిగతావాళ్లకంటే ఇంచుమించు రెండు రోజులు ముందు తగ్గింది. కానీ అది చిన్న ప్రయోగం, ముక్కు కడగడం కూడా అందులో ఉంది. కాబట్టి పుక్కిలించడం ఒక్కటే అంత పని చేసిందని చెప్పలేం. మామూలు సర్దికి గొంతు నొప్పి వారంలో తనంతట తానే తగ్గుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

విజయ, మహబూబ్‌నగర్ | మంగళవారం, ఉదయం 11:30

నరేష్, అది నిజమే కానీ అప్పటికే ఎండి మండుతున్న గొంతుకు నేను రెండు శాతం చెప్పను. అర చెంచాతో మొదలుపెట్టి, ఇబ్బంది లేకపోతే ముప్పావు దాకా పోవచ్చు. పెంచినకొద్దీ లాభం పెరగదు.

వేడి గురించి ఎవరూ అడగలేదు కానీ రవి కష్టంలో సగం దానివల్లనే. ఓర్చుకోగలిగినంత వేడి అనేది కొలత కాదు. నాలుక చాలా వేడిని ఓర్చుకుంటుంది, వాచిన గొంతు ఓర్చుకోదు, పైన పొర కాలితే రెండు రోజులు అదనపు నొప్పి. వేడి చేసే పని రెండే, కండరాలకు హాయినివ్వడం, తెమడను వదులు చేయడం. దానికి 40 డిగ్రీల దగ్గర చాలు. థర్మామీటరు అక్కర్లేదు, సలసల మరిగిన నీళ్లు ఒక వంతు, మామూలుగా తాగే నీళ్లు ఐదు వంతులు కలిపితే ఇంచుమించు అక్కడికే వస్తుంది. చలికాలం బిందె నీళ్లు చల్లగా ఉంటే నాలుగు వంతులే కలపండి. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేస్తే వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు.

చేసే తీరు కూడా చెప్తాను. చాలామంది బుగ్గల్లో నీళ్లు తిప్పి ఉమ్మేస్తారు, అది నోరు కడగడం మాత్రమే. గుక్క తీసుకుని, తల వెనక్కి వంచి, ఊపిరి మెల్లగా వదులుతూ "ఆ" అనాలి. నీళ్లు గొంతు వెనక బుడబుడలాడాలి. ఒక్కో గుక్క 20 నుంచి 30 సెకన్లు, తర్వాత ఉమ్మేయాలి. గ్లాసు అయ్యేదాకా అలా చేస్తే ఒక సారి అయినట్టు. రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. తిన్న తర్వాత, పడుకునే ముందు చేయండి. నొప్పి ఎక్కువగా ఉంటే మూడు గంటలకోసారి. గంటకోసారి వద్దు, పొర తేరుకోవడానికి టైం ఇవ్వాలి.

చంద్రయ్య, నకిరేకల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను బడిలో పాఠాలు చెప్తాను. మా సారు ఒకాయన చెప్పగా రోజూ ఉప్పు నీళ్లతో పుక్కిలిస్తున్నాను, కానీ గొంతు బొంగురు పోవడం లేదు. నొప్పి ఏమీ లేదు, గొంతే రావడం లేదు. మీరు చెప్పిన కొలతే, వేడి కూడా అంతే. ఎక్కడ తేడా ఉంది?

విజయ, మహబూబ్‌నగర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:00

సార్, తేడా మీ కొలతలో లేదు. పుక్కిలించిన నీళ్లు టాన్సిల్స్ దాకా, వెనక గోడ పైభాగం దాకా పోతాయి. మాట పుట్టే స్వరపేటిక ఇంకా కింద ఉంటుంది, అక్కడికి నీళ్లు పోవు, పోతే పొలమారుతుంది. బొంగురుకు ముఖ్యంగా కావాల్సింది గొంతుకు విశ్రాంతి, రోజంతా కొంచెం కొంచెం నీళ్లు తాగడం, పిల్లల మీద అరవకపోవడం. గుసగుసగా మాట్లాడటం కూడా విశ్రాంతి కాదు, అది ఇంకా ఒత్తిడి. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించుకోండి, ఆయన లోపలికి చిన్న గొట్టం పెట్టి చూస్తారు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఇంకా ముందే పోవాలి.

యాదగిరి, మర్రిగూడ | మంగళవారం, సాయంత్రం 5:40

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. మా పెద్దవాళ్ల ఎముకలు ఆ నీళ్లకే వంగిపోయాయి. ఇప్పుడు తాగడానికి భగీరథ నీళ్లు వస్తున్నాయి కానీ వాడకానికి బోరే. పుక్కిలించడానికి బోరు నీళ్లు వాడొచ్చా? మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది కదా?

విజయ, మహబూబ్‌నగర్ | మంగళవారం, సాయంత్రం 6:25

యాదగిరన్నా, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతా మిగిలిన నీళ్లలోనే ఉంటుంది కాబట్టి చిక్కదనం పెరుగుతుంది. మరిగించడం క్రిముల కోసమే. నల్గొండ పద్ధతి అని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసిన పద్ధతిలో కూడా పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు, కాచి కాదు.

పెద్దవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే లోపలికి పోయేది చాలా తక్కువ, దానికి భయం అక్కర్లేదు. ఫ్లోరైడ్ హాని ఏళ్ల తరబడి తాగితే వస్తుంది. అయినా తాగే నీళ్లు ఇంట్లో ఉన్నప్పుడు ఒక గ్లాసు వాటితోనే చేయండి, ముఖ్యంగా పిల్లలకు. వాళ్లు ఎంతో కొంత మింగుతారు.

శ్రీలత, జడ్చర్ల | మంగళవారం, సాయంత్రం 7:10

పిల్లల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా బాబుకు నాలుగేళ్లు, గొంతు నొప్పి అంటున్నాడు. పుక్కిలించమంటే మింగేస్తున్నాడు. కొంచెం ఉప్పు తక్కువ వేసి చేయించనా? మా మామయ్యకు బీపీ ఉంది, ఆయన కూడా ఉప్పు నీళ్లంటే భయపడుతున్నారు.

విజయ, మహబూబ్‌నగర్ | మంగళవారం, రాత్రి 8:00

శ్రీలతా, నాలుగేళ్ల బాబుకు వద్దమ్మా. తల వెనక్కి వంచి నీళ్లు ఆపుకోవడం ఆరేళ్లు దాటితే గానీ పిల్లలకు సరిగ్గా రాదు. ముందు ఉత్త నీళ్లతో నేర్పాలి, మింగకుండా ఉమ్ముతున్నాడని తేలాకే ఉప్పు. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, పలచని చారు కొంచెం కొంచెం తాగించు. ఏమీ తాగనంటే, చొంగ కారుస్తుంటే, ఊపిరి తీసేటప్పుడు శబ్దం వస్తుంటే రాత్రయినా సరే దవాఖానకు తీసుకుపో.

మామయ్య ఉమ్మేస్తే భయం లేదు. మొత్తం గ్లాసు మింగితే 3 గ్రాముల ఉప్పు, రోజుకు నాలుగు గ్లాసులు మింగితే 12 గ్రాములు. రోజు మొత్తానికి అన్నంలో కూరల్లో కలిపి 5 గ్రాములకు మించొద్దంటారు కాబట్టి అది నిజంగానే ప్రమాదం. మతిమరుపు ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చి మింగడం సరిగ్గా లేనివాళ్లు మాత్రం అసలు పుక్కిలించొద్దు.

మిల్లు రవి, మిర్యాలగూడ | బుధవారం, రాత్రి 9:15

అక్కా, మీరు చెప్పినట్టే సిరప్ మూతతో కొలిచి చేస్తున్నాను. మిల్లుకు ఫ్లాస్కులో ఉత్త వేడి నీళ్లు, కాగితంలో ఉప్పు పొట్లం విడిగా పట్టుకుపోయి, అక్కడ బాటిల్ నీళ్లు కలిపి పుక్కిలించాను. ఎండిపోయిన మంట పూర్తిగా పోయింది, అది నిజం. కానీ మింగితే నొప్పి అట్లనే ఉంది, ఈరోజు కుడి వైపు ఎక్కువైంది. సాయంత్రం నుంచి చలి జ్వరం. సర్ది, దగ్గు ఏమీ లేవు. ఉప్పు కొంచెం పెంచనా?

సత్తెన్న, దేవరకొండ | బుధవారం, రాత్రి 9:25

పసుపు వేసి చూడు తమ్మీ, చిటికెడు.

విజయ, మహబూబ్‌నగర్ | బుధవారం, రాత్రి 9:40

పసుపూ వద్దు, ఉప్పు పెంచడమూ వద్దు. రవీ, ఫోన్ లైటు పెట్టి అద్దంలో నోరు తెరిచి చూడు. టాన్సిల్స్ మీద తెల్లని చీము చుక్కలు ఉన్నాయా? దవడ కింద వేలితో నొక్కితే గడ్డలు నొప్పి పుడుతున్నాయా? నోరు మామూలుగా తెరుచుకుంటుందా?

మిల్లు రవి, మిర్యాలగూడ | బుధవారం, రాత్రి 9:55

నోరు తెరుచుకుంటుంది. కుడి వైపు తెల్లగా చుక్కలు ఉన్నాయి. దవడ కింద నొప్పి గడ్డ తగులుతోంది.

విజయ, మహబూబ్‌నగర్ | బుధవారం, రాత్రి 10:05

జ్వరం ఉండి, దగ్గు లేకుండా, టాన్సిల్స్ మీద చీము, మెడలో గడ్డ ఉంటే అది మామూలు సర్ది గొంతు కాకపోవచ్చు. బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పికి యాంటీబయాటిక్ అవసరం పడుతుంది, ఉప్పు నీళ్లు దాని పని చేయలేవు. పొద్దున్నే మిల్లుకు పోకుండా డాక్టర్ దగ్గరికి పో. రాత్రి నోరు తెరుచుకోవడం కష్టమైనా, ఉమ్మి మింగలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా పొద్దున దాకా ఆగొద్దు. టాన్సిల్ పక్కన చీము గడ్డ కడితే అలా అవుతుంది, దాన్ని కోసి తీయాలి.

ఇంట్లో అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలు ఉంటే వాళ్ల గ్లాసు వేరు పెట్టు. ఆ వయసులో ఈ గొంతు నొప్పిని వదిలేస్తే కొందరికి తర్వాత కీళ్లు, గుండె కవాటాలు దెబ్బతింటాయి. నేను వార్డులో అలాంటి పిల్లలను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మిల్లు రవి, మిర్యాలగూడ | గురువారం, మధ్యాహ్నం 12:30

చూపించుకున్నాను. బ్యాక్టీరియాదే అన్నారు, గోళీలు రాశారు, మొత్తం కోర్సు వాడాలన్నారు. పుక్కిలించడం ఆపొద్దు, నొప్పికి పనికొస్తుంది, మీరు చేస్తున్న కొలతే సరిపోతుందన్నారు. విజయక్కకు, నరేషన్నకు చాలా థ్యాంక్స్. ఒక్క డౌట్ మిగిలింది. గొంతు తగ్గాక కూడా మిల్లు దుమ్ముకు రోజూ పుక్కిలిస్తే మంచిదా?

నరేష్, మెడికల్ షాపు, సూర్యాపేట | గురువారం, మధ్యాహ్నం 1:05

నేనైతే రోజూ పని దిగగానే ఒకసారి చేయమంటాను, ఉత్త నీళ్లతో అయినా. జపాన్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉత్త నీళ్లతో రోజూ పుక్కిలిస్తే జలుబులు తగ్గాయని 2005లో ఒక ప్రయోగం వచ్చింది.

విజయ, మహబూబ్‌నగర్ | గురువారం, మధ్యాహ్నం 1:40

దుమ్ము కడుక్కోవడానికి ఉత్త నీళ్లకు నేను అడ్డు చెప్పను. ఉప్పు మాత్రం జబ్బు లేనప్పుడు రోజూ అక్కర్లేదని నా అభిప్రాయం, వాపు లేనిచోట అది లాగాల్సిన నీరు లేదు. దానికంటే ముందు ముక్కుకు నోటికి మాస్కు కట్టుకో రవీ, తవుడు దుమ్ము గొంతు దాటి ఊపిరితిత్తుల దాకా పోతుంది, అక్కడ పుక్కిలించలేం.

సత్తెన్న, దేవరకొండ | గురువారం, మధ్యాహ్నం 2:10

నేను మాత్రం చెంచా నిండా వేసుకోవడం మానను, నాకు పడుతోంది. కానీ మనవడికి ఇకనుంచి సిరప్ మూతతో కొలిచే ఇస్తాను. వాడికి ఏడేళ్లు, ఉమ్మేయడం వచ్చు. అర చెంచా వాడికి కూడా అంతేనా, ఇంకా తక్కువా?

విజయ, మహబూబ్‌నగర్ | గురువారం, మధ్యాహ్నం 2:30

అదే నీళ్లు, అదే ఉప్పు సత్తెన్నా, ఒంటి ఉప్పదనం పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే. గుక్క మాత్రం చిన్నది తీసుకోమనండి, పక్కన ఉండి ఉమ్మేదాకా చూడండి.